పాజిటివ్ వచ్చినవారిలో 95 శాతం మంది రోగులని నాకు వస్తోంది, జవాబు మాత్రం 15 శాతం అంటోంది: పట్టికలో తప్పు ఎక్కడ?

మూడో_ప్రయత్నం

బయోస్టాటిస్టిక్స్ ప్రశ్నలు సాధన చేస్తుండగా ఒక లెక్క రెండు రోజులుగా నన్ను వదలడం లేదు. ప్రశ్న ఇది: రోగం ఉన్నదని ముందే నిర్ధారణ అయిన 200 మందికి, ఆరోగ్యవంతులైన 200 మందికి ఒక కొత్త పరీక్ష చేశారు. రోగులలో 180 మందికి, ఆరోగ్యవంతులలో 10 మందికి పాజిటివ్ వచ్చింది. జనాభాలో ఈ రోగం 1 శాతం మందిలో ఉన్నప్పుడు, అందరికీ ఈ పరీక్ష చేస్తే పాజిటివ్ వచ్చినవారిలో నిజంగా రోగం ఉన్నవారి శాతం ఎంత?

నేను వేసిన పట్టిక ఇలా ఉంది.

| | రోగం ఉంది | రోగం లేదు | మొత్తం |
|---|---|---|---|
| పాజిటివ్ | 180 | 10 | 190 |
| నెగటివ్ | 20 | 190 | 210 |
| మొత్తం | 200 | 200 | 400 |

రోగులలో పాజిటివ్ వచ్చినవారి వాటా అయిన సెన్సిటివిటీ 180/200, అంటే 90 శాతం. ఆరోగ్యవంతులలో నెగటివ్ వచ్చినవారి వాటా అయిన స్పెసిఫిసిటీ 190/200, అంటే 95 శాతం. ఇంతవరకు జవాబుల పట్టీతో సరిపోయింది. పాజిటివ్ ప్రెడిక్టివ్ వాల్యూ 180/190, అంటే 94.7 శాతం అని రాశాను. జవాబుల పట్టీలో 15 శాతం అని ఉంది. ఇంత మంచి పరీక్షలో పాజిటివ్ వచ్చినవారిలో ఆరుగురికి ఒక్కరే రోగి కావడం ఎలా సాధ్యమో నాకు బోధపడడం లేదు.

సగటుమనిషి

మీ పట్టికలో తప్పేమీ కనిపించడం లేదు. పాజిటివ్ వరుసలో 190 మంది ఉన్నారు, వారిలో 180 మంది రోగులు, కాబట్టి 94.7 శాతమే సరైన జవాబు. సాధన పుస్తకాలలో అచ్చుతప్పులు కొత్త కాదు, ముందుకు సాగండి.

హారం_చూడు

అచ్చుతప్పు కాదు, 15 శాతమే సరైనది. మూడో_ప్రయత్నం గారు వేసిన పట్టికలో ప్రతి అంకె సరిగానే ఉన్నది, కానీ ఆ పట్టిక ఇచ్చే జవాబు వేరే ప్రశ్నకు సంబంధించినది.

పట్టిక అడుగున ఉన్న 200, 200 అనే రెండు మొత్తాలను చూడండి. అవి ఎక్కడినుండి వచ్చాయి? ప్రకృతి ఇచ్చినవి కావు, పరిశోధకుడు ఎంచుకున్నవి. ఆయన 200 మంది రోగులకు బదులు 50 మందినే తీసుకుని ఉంటే పాజిటివ్ వరుసలో 45, 10 ఉండేవి, మీ భాగహారం 45/55 అయ్యి 82 శాతం వచ్చేది. 2,000 మంది ఆరోగ్యవంతులను తీసుకుని ఉంటే ఆ వరుస 180, 100గా మారి 64 శాతం వచ్చేది. పరీక్ష మారలేదు, రోగం మారలేదు, పరిశోధకుడి నమూనా మాత్రమే మారింది. అతని ఇష్టాన్ని బట్టి మారే సంఖ్యను జనాభాకు అంటగట్టలేము.

అదే నిలువు వరుసలలోకి దిగితే 45/50 అయినా 180/200 అయినా 90 శాతమే. ఒక నిలువు వరుస లోపలే లవమూ హారమూ ఉన్నంతవరకు, పరిశోధకుడు ఆ వరుసలో ఎంతమందిని పెట్టాడన్నది పట్టింపు కాదు. ప్రెడిక్టివ్ వాల్యూ అడ్డంగా చదవవలసినది, అది రెండు నిలువు వరుసలనూ కలిపి హారం చేస్తుంది. ఆ రెండింటి నిష్పత్తి కృత్రిమమైనప్పుడు జవాబు కూడా కృత్రిమమే అవుతుంది.

కాబట్టి ఈ పట్టిక నుండి 90, 95 అనే రెండు అంకెలను మాత్రమే తీసుకుని, దానిని పక్కన పెట్టి, 10,000 మందితో, జనాభాలో రోగుల వాటా అయిన ప్రివలెన్స్ 1 శాతం ఉండేలా కొత్త పట్టిక వేయండి. వేసి ఇక్కడ పెట్టండి, నేను వేయను.

మూడో_ప్రయత్నం

ప్రయత్నించాను. 10,000 మందిలో 1 శాతం, అంటే 100 మంది రోగులు. వారిలో 90 శాతం, అంటే 90 మందికి పాజిటివ్, 10 మందికి నెగటివ్. స్పెసిఫిసిటీ 95 కాబట్టి 5 శాతం తప్పుడు పాజిటివ్‌లు, అంటే 500. అప్పుడు 90/590, అంటే 15.25 శాతం. జవాబు వచ్చేసింది!

హారం_చూడు

జవాబు వచ్చింది, పట్టిక తప్పింది. మీ ఆరోగ్యవంతుల నిలువు వరుసను కూడి చూడండి.

మూడో_ప్రయత్నం

అర్థమైంది. 5 శాతాన్ని నేను 10,000 మీద తీశాను, ఆరోగ్యవంతులు 9,900 మందే కదా. సరిచేసిన పట్టిక:

| | రోగం ఉంది | రోగం లేదు | మొత్తం |
|---|---|---|---|
| పాజిటివ్ | 90 | 495 | 585 |
| నెగటివ్ | 10 | 9,405 | 9,415 |
| మొత్తం | 100 | 9,900 | 10,000 |

90/585, అంటే 15.4 శాతం. గుండ్రం చేస్తే రెండూ 15 కాబట్టి తప్పు బయటపడలేదు.

హారం_చూడు

ఇక్కడ నష్టం లేకపోయింది కానీ, రోగుల వాటా పెరిగేకొద్దీ ఆ తప్పు పెద్దదవుతుంది, ఎందుకంటే మొత్తం జనాభాకూ ఆరోగ్యవంతుల సంఖ్యకూ మధ్య తేడా పెరుగుతుంది. అడుగు వరుసను ముందుగా నింపి, తర్వాత ఒక్కొక్క నిలువు వరుసనూ దాని మొత్తం నుండే విడగొడితే ఈ పొరపాటు జరగదు. గడులు ముందు నింపి మొత్తాలు చివర కూడేవారికే ఇది ఎక్కువగా జరుగుతుంది.

ఆరుగురిలో ఒక్కరే ఎలా అన్న మీ మొదటి ప్రశ్నకు జవాబు కూడా ఈ పట్టికలోనే ఉంది. 90 శాతం చాలా పెద్దది, కానీ అది 100 మందిలో 90 శాతం. 5 శాతం చాలా చిన్నది, కానీ అది 9,900 మందిలో 5 శాతం. శాతాలను పక్కపక్కన పెట్టి పోల్చినప్పుడు కన్ను మోసపోతుంది, మనుషులను లెక్కపెట్టినప్పుడు మోసపోదు.

సగటుమనిషి

నా అచ్చుతప్పు వాదనను వెనక్కి తీసుకుంటున్నాను. అయితే ఇందులో ఒక సులువైన సూత్రం ఉంది కదా: సెన్సిటివిటీ, స్పెసిఫిసిటీ పరీక్ష సొంత గుణాలు, అవి ఎక్కడికి వెళ్లినా మారవు. ప్రెడిక్టివ్ వాల్యూలు మాత్రమే జనాభాను బట్టి మారతాయి. ఇంత గుర్తుపెట్టుకుంటే సరిపోతుంది.

వార్డు_రాత్రులు

ఆ సూత్రంలో రెండో సగం నిజం, మొదటి సగం పరీక్షలో మార్కులు తెచ్చిపెట్టేంతవరకు నిజం. ప్రివలెన్స్ మారినంత మాత్రాన సెన్సిటివిటీ మారదు, అది అంకగణితం. కానీ రోగుల రకం మారితే మారుతుంది.

ఇదే ప్రశ్నలోని 200 మంది రోగులను ఇలా విడగొట్టి ఊహించండి. 120 మంది రోగం ముదిరినవారు, వారిలో 118 మందికి పాజిటివ్. 80 మంది తొలిదశలో ఉన్నవారు, వారిలో 62 మందికి పాజిటివ్. కలిపితే 180/200, అదే 90 శాతం. విడిగా చూస్తే మొదటి గుంపులో 98 శాతం, రెండో గుంపులో 77.5 శాతం. ఇప్పుడు ఈ పరీక్షను లక్షణాలు లేని జనాభాకు చేస్తే మనకు దొరికేవారిలో ఎక్కువమంది తొలిదశవారే. అక్కడ సెన్సిటివిటీ 90 ఉంటుందని ఆశించడం అత్యాశ. ఆరోగ్యవంతుల వైపు కూడా అంతే. పోలికకు తీసుకున్న 200 మంది ఏ జబ్బూ లేని యువకులైతే స్పెసిఫిసిటీ బాగా కనిపిస్తుంది. అదే లక్షణాలున్న వేరే జబ్బు మనుషులను పెడితే తగ్గుతుంది. ర్యాన్సొహాఫ్, ఫైన్‌స్టీన్ అనే ఇద్దరు 1978లోనే ఈ సమస్యను ఎత్తిచూపారు.

కాబట్టి మన 15.4 శాతం కూడా కాగితం మీది గరిష్ఠం అనుకోవచ్చు, నిజంలో ఇంకా తక్కువ ఉండవచ్చు.

సగటుమనిషి

అయితే ప్రశ్నపత్రంలో 'పరీక్ష సొంత గుణం ఏది' అని అడిగితే ఏం రాయాలి?

వార్డు_రాత్రులు

సెన్సిటివిటీ అనే రాయండి, మనసులో నొచ్చుకోండి.

ల్యాబ్_మూల

నేను ప్రయోగశాలలో పనిచేస్తాను కాబట్టి అవతలి వైపునుండి ఒక మాట చెబుతాను. మేము వాడిన ఒక కిట్ కరపత్రంలో సెన్సిటివిటీ, స్పెసిఫిసిటీ రెండూ 95 శాతం పైనే అని అచ్చు వేసి ఉన్నది. సాధారణ ఆరోగ్య పరీక్షలకు వచ్చినవారిలో మాకు వచ్చిన పాజిటివ్‌లను నిర్ధారణ పరీక్షకు పంపితే సగానికి పైగా నెగటివ్ అని తిరిగి వచ్చేవి. కిట్ పాడైందని, మేము సరిగా చేయడం లేదని, ఇలా నెల రోజులపాటు ఒకరినొకరు నిందించుకున్నాము. ఫలితం ముందే తెలిసిన కంట్రోల్ నమూనాలు ప్రతిరోజూ సరిగానే వస్తున్నాయి. చివరికి ఒక పెద్దాయన ఇలాంటి పట్టికే కాగితం మీద గీసి చూపించారు. కిట్‌లో లోపం ఉంటే కంట్రోల్ నమూనాలు చెడాలి, నెగటివ్‌ల పోకడ కూడా మారాలి. ఆ రెండూ బాగుండి తప్పుడు పాజిటివ్‌లు మాత్రమే ఎక్కువగా కనిపిస్తే ముందుగా వచ్చినవారు ఎవరని అడగాలని అప్పుడు తెలిసింది.

చిన్న_నమూనా

నాకు వేరే సందేహం. గత వారం నాకు ఒక పరీక్షలో పాజిటివ్ వచ్చింది, డాక్టర్ గారు ఇంకో పరీక్ష రాశారు. ఈ చర్చ చదివాక, నాకు రోగం ఉండే అవకాశం 15 శాతమే కాబట్టి రెండో పరీక్ష అవసరం లేదనిపిస్తోంది. నిజమేనా?

వార్డు_రాత్రులు

కాదు, దయచేసి ఆ పరీక్ష చేయించుకోండి. 15.4 శాతం అన్నది ఈ ప్రశ్నలోని ఊహా పరీక్షకు, 1 శాతం ప్రివలెన్స్ ఉన్న జనాభాలో ఏ లక్షణమూ లేకుండా పరీక్షకు వచ్చిన మనిషికి వర్తించే అంకె. మీరు ఏ పరీక్ష చేయించుకున్నారో, ఎందుకు చేయించుకున్నారో మాకు తెలియదు.

లక్షణాలు కనిపించి డాక్టర్ దగ్గరకు వెళ్లినవారిలో 20 శాతం మందికి ఆ రోగం ఉందనుకుందాం. 10,000 మందిలో 2,000 మంది రోగులు, వారిలో 1,800 మందికి పాజిటివ్. మిగిలిన 8,000 మందిలో 400 మందికి తప్పుడు పాజిటివ్. 1,800/2,200, అంటే దాదాపు 82 శాతం. అదే పరీక్ష, అదే పాజిటివ్, ఒకచోట 15, ఇంకొకచోట 82. మీరు ఈ రెండింటిలో ఏ గుంపుకు చెందుతారో మిమ్మల్ని చూసిన డాక్టర్‌కే తెలుస్తుంది, ఆ రెండో పరీక్ష రాసిన కారణం కూడా బహుశా అదే.

చిన్న_నమూనా

లక్షణాలు ఉండబట్టే వెళ్లాను. రేపే చేయించుకుంటాను.

మూడో_ప్రయత్నం

రెండో పరీక్ష అన్నారు కాబట్టి అడుగుతున్నాను. పాజిటివ్ వచ్చిన 585 మందికి అదే పరీక్ష మళ్లీ చేస్తే? నేను ఇలా చేశాను: 90 మంది రోగులలో 90 శాతం, అంటే 81 మంది. 495 మంది ఆరోగ్యవంతులలో 5 శాతం, అంటే దాదాపు 25 మంది. 81/106, అంటే 76 శాతం. అంటే ఒకే పరీక్షను రెండుసార్లు చేస్తే చాలు కదా?

ల్యాబ్_మూల

కాగితం మీద చాలు, ప్రయోగశాలలో చాలదు. మీ లెక్కలో ఆ 495 మందికి మొదటిసారి తప్పుడు పాజిటివ్ రావడం కేవలం పాచిక పడినట్లు అనుకున్నారు, అందుకే రెండోసారి 5 శాతానికే మళ్లీ వస్తుందని వేశారు. చాలా తప్పుడు పాజిటివ్‌లు అలా రావు. ఆ మనిషి రక్తంలో పరీక్షకు అంటుకునే వేరే యాంటీబాడీ ఏదో ఉంటుంది. అది రేపు కూడా అక్కడే ఉంటుంది, రేపు కూడా పాజిటివే వస్తుంది. ఆ 495 మందిలో 300 మంది అలాంటివారైతే, మీ రెండో వడపోత మిగిలిన 195 మందిమీద మాత్రమే పనిచేస్తుంది. రెండో పరీక్ష వేరే పద్ధతిలో, వేరే అంశాన్ని కొలిచేదిగా ఉండాలని పట్టుబట్టేది ఇందుకే.

హారం_చూడు

ప్రశ్నలో 'రెండు పరీక్షలూ పరస్పరం స్వతంత్రమైనవి' అని రాసి ఉంటేనే మూడో_ప్రయత్నం గారి గుణకారం చేయాలి. ఆ మాట లేకుండా ఆ గుణకారం అడిగే ప్రశ్నలు కూడా చూశాను, అవి ప్రశ్న రాసినవారి పొరపాటు.

గుండ్రం_సున్న

ఇంత గొడవ ఎందుకు? మొత్తం 10,000 మందిలో 90 మందినీ 9,405 మందినీ సరిగా చెప్పింది. 94.95 శాతం ఖచ్చితత్వం. మంచి పరీక్ష.

హారం_చూడు

పరీక్షే చేయకుండా అందరికీ 'రోగం లేదు' అని ముద్ర వేసే గుమాస్తా 10,000 మందిలో 9,900 మందికి సరిగ్గా చెబుతాడు. 99 శాతం ఖచ్చితత్వం, ఖర్చు సిరా మాత్రమే.

గుండ్రం_సున్న

ఆ గుమాస్తాకు నెగటివ్ ప్రెడిక్టివ్ వాల్యూ కూడా 99 శాతం వస్తుందా?

హారం_చూడు

వస్తుంది, మీరు వెటకారంగా అడిగినా అది చాలా మంచి ప్రశ్న. మన పరీక్షకు నెగటివ్ ప్రెడిక్టివ్ వాల్యూ 9,405/9,415, అంటే 99.9 శాతం. చూడగానే గొప్పగా ఉంటుంది, కానీ ఏ పరీక్షా లేకుండానే 99 శాతం నుండి మొదలయ్యాము. పరీక్ష చేసిన పని 99 నుండి 99.9కి తీసుకువెళ్లడం. అంటే నెగటివ్ వచ్చినవారిలో రోగుల వాటా వందకు ఒకరి నుండి వెయ్యికి ఒకరికి తగ్గింది. దాదాపు పదో వంతుకు తగ్గడం చిన్న విషయమేమీ కాదు, అయితే దాని విలువ 99.9 అన్న అంకెలో కాక, ఎక్కడి నుండి ఎక్కడికి వచ్చామన్న తేడాలో ఉంది. అరుదైన రోగానికి ఏ చెత్త పరీక్షకైనా నెగటివ్ ప్రెడిక్టివ్ వాల్యూ ఎత్తుగానే కనిపిస్తుంది.

సెన్సిటివిటీ 90, స్పెసిఫిసిటీ 10 ఉన్న పరీక్షతో ఒకసారి పట్టిక వేసి చూడండి. రోగులలో 90 మందికి, ఆరోగ్యవంతులలో 8,910 మందికి పాజిటివ్ వస్తుంది. 90/9,000 సరిగ్గా 1 శాతం, అంటే మొదట ఎక్కడున్నామో అక్కడే ఉన్నాము. సెన్సిటివిటీ, స్పెసిఫిసిటీ కూడితే 100 వచ్చే పరీక్ష నాణెం ఎగరవేయడంతో సమానం, విడిగా ఒకటి 90 ఉన్నా సరే.

సగటుమనిషి

సెన్సిటివిటీ ఎక్కువ ఉంటే నెగటివ్‌ను నమ్మవచ్చని మాకు చెప్పిన సూత్రం దీనితో కొట్టుకుపోయినట్లే కదా.

వార్డు_రాత్రులు

కొట్టుకుపోలేదు, షరతు చేరింది: స్పెసిఫిసిటీ మరీ దిగజారకుండా ఉంటేనే. చాలామంది ఆ షరతును వదిలేసి సూత్రాన్ని మాత్రమే మోస్తారు.

పట్టిక_పిచ్చి

నా థీసిస్‌లో ఇదే విషయం తలకిందులుగా ఎదురైంది. మాది ఒక స్క్రీనింగ్ పరీక్ష, నిర్ధారణకు బయాప్సీ. పాజిటివ్ వచ్చిన అందరికీ బయాప్సీ చేశాము. నెగటివ్ వచ్చినవారిని బయాప్సీకి ఒప్పించడం ఎంత కష్టమో చెప్పనక్కరలేదు కాబట్టి, పదిమందిలో ఒకరికి మాత్రమే, ఎంపికలో పక్షపాతం లేకుండా చీటీలు తీసి చేశాము. నా అసలు అంకెలు ఇక్కడ పెట్టలేను కానీ, మీ 10,000 మందితోనే చూపిస్తాను. బయాప్సీ అయినవారు మాత్రమే ఉన్న పట్టిక ఇలా ఉంటుంది.

| | రోగం ఉంది | రోగం లేదు | మొత్తం |
|---|---|---|---|
| పాజిటివ్ | 90 | 495 | 585 |
| నెగటివ్ | 1 | 941 | 942 |
| మొత్తం | 91 | 1,436 | 1,527 |

దీని నుండి నేను సెన్సిటివిటీ 90/91, అంటే 99 శాతం అని, స్పెసిఫిసిటీ 941/1,436, అంటే 65.5 శాతం అని రాసుకుని వెళ్లాను. అసలు విలువలు 90, 95 అని మీకు తెలుసు. మా గైడ్ గారు ఆ కాగితం చూసి చాలాసేపు మాట్లాడలేదు.

మూడో_ప్రయత్నం

కానీ ఇందులో 90/585 అలాగే ఉంది! నా మొదటి పట్టికలో సెన్సిటివిటీ సరైనది, ప్రెడిక్టివ్ వాల్యూ తప్పు. మీ పట్టికలో ప్రెడిక్టివ్ వాల్యూ సరైనది, సెన్సిటివిటీ తప్పు.

హారం_చూడు

సరిగ్గా పట్టుకున్నారు. మీ పట్టికలో పరిశోధకుడు నిలువు మొత్తాలను తన చేత్తో నిర్ణయించాడు, కాబట్టి నిలువుగా చదివితేనే నమ్మవచ్చు. పట్టిక_పిచ్చి గారు అడ్డు మొత్తాలను నిర్ణయించారు, కాబట్టి అడ్డంగా చదివితేనే నమ్మవచ్చు. ఎవరూ దేనినీ నిర్ణయించకుండా, వచ్చిన 10,000 మందికీ రెండు పరీక్షలూ చేసి ఉంటేనే పట్టికను రెండు వైపులా చదవగలం.

పట్టిక_పిచ్చి గారి పట్టికను బాగుచేయడం కూడా తేలికే. నెగటివ్ వరుసలో పదిలో ఒకరినే తీసుకున్నారు కాబట్టి ఆ వరుసను పదితో గుణిస్తే 10, 9,410 వస్తాయి. అప్పుడు 90/100, 9,410/9,905. మళ్లీ 90, 95.

పట్టిక_పిచ్చి

మా గైడ్ గారూ అదే చేయమన్నారు. అయితే నెగటివ్ వరుసలో దొరికిన ఆ ఒక్క రోగి మీద మొత్తం సెన్సిటివిటీ ఆధారపడి ఉంటుందని కూడా అన్నారు. ఒక్కరికి బదులు ఇద్దరు దొరికితే గుణించాక 20 అయ్యి 90/110, అంటే 82 శాతం. ఎవరూ దొరకకపోతే 100 శాతం. అసలు విలువ ఏ హద్దుల మధ్య ఉండవచ్చో చెప్పే కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ వేసి చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియనంత వెడల్పుగా వచ్చింది. పైగా నెగటివ్‌లను చీటీలు తీసి కాకుండా, అనుమానం ఉన్నవారినే ఏరి బయాప్సీకి పంపి ఉంటే ఆ పదితో గుణించడం కూడా చెల్లదు.

మూడో_ప్రయత్నం

ఇంకొక సందేహం. ప్రశ్నలో ప్రివలెన్స్ ఇవ్వకుండా, నా మొదటి పట్టిక లాంటిదే ఇచ్చి 'పాజిటివ్ ప్రెడిక్టివ్ వాల్యూ కనుగొనండి' అని అడిగితే?

సగటుమనిషి

180/190 రాసి రండి. అడిగినదానికి జవాబు చెప్పాలి.

పట్టిక_పిచ్చి

నేను ఒప్పుకోను. రోగులనూ ఆరోగ్యవంతులనూ విడిగా ఎంపిక చేశారని ప్రశ్నలో స్పష్టంగా ఉంటే, 'ఇచ్చిన సమాచారంతో చెప్పలేము' అన్న ఎంపిక కోసం ముందు వెతకాలి. అది ఉంటే అదే జవాబు.

సగటుమనిషి

అది లేకపోతే?

పట్టిక_పిచ్చి

లేకపోతే 180/190 రాస్తాను, కానీ ఆ ప్రశ్న మీద అభ్యంతరం పెడతాను.

వార్డు_రాత్రులు

'400 మందికి పరీక్ష చేశారు, వారిలో 200 మందికి రోగం ఉన్నది' అని మాత్రమే రాస్తే? ఎంపిక చేశారో, వచ్చినవారిలో సగం మంది రోగులో చెప్పలేదు. ప్రత్యేక వైద్య విభాగానికి పంపబడినవారిలో సగం మందికి రోగం ఉండడం అసాధ్యమేమీ కాదు. నేనైతే అప్పుడు సందేహం లేకుండా 180/190 అంటాను.

పట్టిక_పిచ్చి

సరిగ్గా 200, 200 అని గుండ్రంగా కనిపిస్తేనే నాకు అనుమానం వస్తుంది. 187, 213 అని ఉంటే మీతో ఏకీభవిస్తాను.

హారం_చూడు

ఇది ప్రశ్న రాసినవారి మనసు చదివే పందెం, దీనికి పట్టిక సాయం చేయదు. మూడో_ప్రయత్నం గారికి ఊరట కోసం ఒక సంగతి చెబుతాను. 1978లో ప్రచురితమైన ఒక చిన్న సర్వేలో హార్వర్డ్ వైద్య కళాశాలకు చెందిన 60 మంది విద్యార్థులను, డాక్టర్లను ఇలా అడిగారు: వెయ్యికి ఒకరికి ఉండే రోగం, తప్పుడు పాజిటివ్ రేటు 5 శాతం, పాజిటివ్ వస్తే రోగం ఉండే అవకాశం ఎంత? 27 మంది 95 శాతం అన్నారు. సరైన జవాబుకు దగ్గరగా, 2 శాతం అని చెప్పినవారు 11 మంది. వెయ్యి మందిలో ఒక రోగి, దాదాపు 50 తప్పుడు పాజిటివ్‌లు, 1/51. మీరు పడిన గోతిలో చాలా పెద్దవారే పడ్డారు.

గుండ్రం_సున్న

ఆ ప్రశ్నలో సెన్సిటివిటీ ఇవ్వలేదు కదా? 100 శాతం అని మీరే ఊహించుకున్నారు.

హారం_చూడు

నిజమే, ఊహించాను. సెన్సిటివిటీ 50 శాతం అయితే జవాబు 1 శాతానికి పడుతుంది. 95 శాతం అన్నవారిని మాత్రం ఏ సెన్సిటివిటీ కూడా కాపాడలేదు.

లిటిల్_బాక్స్

చర్చ మొత్తం చదివాను కానీ నా పుస్తకంలో పరీక్ష ఫలితం నిలువుగా, రోగం అడ్డంగా ఉంటాయి. మీరు నిలువు అన్నప్పుడల్లా నేను అడ్డం చదివి తల పట్టుకున్నాను.

పట్టిక_పిచ్చి

ప్రశ్నపత్రంలో పట్టిక ఏ దిక్కున ఉన్నా మీ కాగితం మీద మీ అలవాటు ప్రకారం తిప్పి రాసుకోండి. అర నిమిషం పడుతుంది. 'నిలువు', 'అడ్డం' అని కంఠస్థం చేయకుండా 'రోగులలో ఎంతమంది', 'పాజిటివ్‌లలో ఎంతమంది' అని చదివితే ఏ దిక్కున ఉన్నా ఇబ్బంది ఉండదు, ఆ 'లలో' ముందున్న మాటే హారం.

మూడో_ప్రయత్నం

అదే పుస్తకంలో తర్వాతి లెక్క చేశాను. అదే పరీక్ష, ప్రివలెన్స్ 20 శాతం, 10,000 మంది. అడుగు వరుస ముందు నింపాను: 2,000, 8,000. పాజిటివ్ వరుస 1,800, 400. వార్డు_రాత్రులు గారికి వచ్చినట్లే నాకూ 81.8 శాతం వచ్చింది. జవాబుల పట్టీలో 78.3 శాతం అని ఉంది. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ నిలువు వరుసలు సరిగానే కూడుతున్నాయి.

ల్యాబ్_మూల

1,800/2,300 అంటే 78.3. ఆ 500 ఎక్కడినుండి వచ్చిందో మీకు తెలుసు.

మూడో_ప్రయత్నం

5 శాతాన్ని 10,000 మీద తీశారు. నేను నిన్న చేసిన తప్పే.

సగటుమనిషి

అచ్చుతప్పు అని ఇప్పుడు అనవచ్చునా?